టిక్కెట్టులో ఆదివారం.. కారు కదలాల్సింది శనివారం

నరసరావుపేట: అమెరికాలోని పిల్లలు వస్తున్నారంటే పల్నాడు నుంచి కారు మాట్లాడుకుని శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లడం పరిపాటి. పేట నుంచి ఐదారు గంటల ప్రయాణం. తీరా వెళ్లాక విమానం నిన్ననే దిగిందని తెలిస్తే ఆ అవస్థ వర్ణనాతీతం. ఈ పొరపాటుకు మూలం గంటల్లో కన్నా తేదీలోనే ఉంటుంది.

టిక్కెట్టుపై ముద్రించే ప్రతి సమయమూ ఆయా ఊరి స్థానిక సమయమే. బయలుదేరే వేళ అక్కడిది, దిగే వేళ ఇక్కడిది. కనుక ఒకదాని నుంచి మరొకటి తీసివేస్తే ప్రయాణ కాలం రాదు. ముందుగా బయలుదేరే వేళను మన సమయంలోకి మార్చుకుని, ఆపై ప్రయాణ గంటలు కలపాలి.

ఉదాహరణకు వేసవిలో ఓ యువకుడు డాలస్‌లో శుక్రవారం రాత్రి 7 గంటలకు విమానం ఎక్కాడనుకుందాం. కాకినాడ మీదుగా సాగే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి మన గడియారం గ్రీనిచ్ కన్నా 5.30 గంటలు ముందుంటుంది. వేసవిలో డాలస్ గడియారం గ్రీనిచ్‌కు 5 గంటలు వెనుక. రెండూ కలిపితే వ్యత్యాసం 10.30 గంటలు. అంటే అతడు విమానం ఎక్కేసరికి ఇక్కడ శనివారం తెల్లవారుజామున 5.30. దుబాయ్‌లో మజిలీతో కలిపి మొత్తం ప్రయాణం 22 గంటలైతే, శంషాబాద్‌లో దిగేది ఆదివారం తెల్లవారుజామున 3.30కి. దుబాయ్ సమయంతో ఈ లెక్కకు పనే లేదు. మజిలీలో వేచి ఉండే గంటలు మాత్రం మొత్తంలో చేరాలి.

చిక్కంతా ఇక్కడే. మన ఇళ్లల్లో తెల్లవారుజాము 3.30 అంటే శనివారం రాత్రి కిందే లెక్క. గడియారానికి మాత్రం అర్ధరాత్రి దాటగానే ఆదివారం. టిక్కెట్టులో ఆదివారం అని చూసి ఆ రోజు సాయంత్రం కారు కదిలిస్తే ఒక రోజు ఆలస్యమైనట్టే. శనివారం రాత్రి భోజనాలు ముగించుకుని 9 గంటలకు బయలుదేరాలి. దిగే వేళ పక్కన ఉండే +2 గుర్తుకు అర్థం బయలుదేరిన తేదీకి రెండు రోజులు కలిపి చూడమనే. అక్కడ ముద్రించిన వేళకు మళ్లీ 10.30 గంటలు కలిపేవారూ లేకపోలేదు.

శీతకాలంలో ఈ లెక్క మారుతుంది. నవంబరు తొలి ఆదివారం డాలస్‌లో గడియారాన్ని గంట వెనక్కి తిప్పి, మార్చి రెండో ఆదివారం తిరిగి ముందుకు జరుపుతారు. ఆ నెలల్లో వ్యత్యాసం 11.30 గంటలు. అదే వేళకు ఎక్కి అన్నే గంటలు ప్రయాణిస్తే ఇక్కడ దిగేది 4.30కి.

తిరుగు ప్రయాణంలో తీసివేయాలి. సోమవారం తెల్లవారుజామున 4.30కి శంషాబాద్‌లో ఎక్కితే డాలస్‌లో అప్పటికింకా ఆదివారం సాయంత్రం 6. ఎదురుగాలి వల్ల అటువైపు ప్రయాణం ఎక్కువసేపు పడుతుంది. 24 గంటలనుకుంటే చేరేది సోమవారం సాయంత్రం 6 గంటలకు. పదమూడున్నర గంటల్లోనే చేరిపోయాడని ఇంట్లోవారు ఆశ్చర్యపోనక్కర్లేదు.

విమానం ఆలస్యమైతే ఈ లెక్కలేవీ నిలవవు. కారు తీసే ముందు దుబాయ్‌లో ఎక్కిన రెండో విమానం నంబరుతో రాక సమయం సరిచూసుకోవడం మేలు.