పది గళ్ల అట్ట

పది దాకా గడగడా ఒప్పజెప్పే పిల్లాడు కూడా ‘8 పెద్దదా, 6 పెద్దదా?’ అంటే తడబడతాడు.

దానికి మందు టీచరమ్మ చేతిలోనే ఉంది. పాత అట్టపెట్టె ముక్క మీద ఒకే వరుసలో పది సమానమైన గళ్లు గీసి, 1 నుంచి 10 దాకా అంకెలు వేయాలి. 1, 2 రాసిన చీటీలు, పావులుగా రెండు చింతగింజలు చాలు.

కిటుకంతా లెక్కపెట్టడంలో ఉంది. గింజ 4లో ఉండగా 2 పడితే ‘ఒకటి, రెండు’ అనకూడదు. ‘అయిదు, ఆరు’ అంటూ గడిలోని అంకెనే పలకాలి.

అమెరికాలో రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి ఇలాంటి ఆటనే పేదింటి పిల్లలతో రెండు వారాల్లో నాలుగుసార్లు, పావుగంట చొప్పున ఆడించారు. ఖాళీ గీత మీద అంకె చోటు చూపించడంలో ఆ పిల్లలు బాగా మెరుగయ్యారని 2008లో ప్రచురించారు. అంకెలకు బదులు రంగులున్న అట్టతో ఆడినవాళ్లలో ఆ మార్పు రాలేదు. గళ్లను గుండ్రంగా పేర్చినా అంత ఫలితం దక్కలేదని తర్వాతి పరీక్షల్లో తేలింది.