“మనసు గట్టిపడ్డాకే రండి” అనే సలహా చేస్తున్న హాని: పొగ మాన్పించే కౌన్సెలింగ్‌పై అపోహలు – వాస్తవాలు

అపోహ: మానాలా వద్దా అని ఊగిసలాడేవారికి కౌన్సెలింగ్ వృథా, గట్టిగా నిశ్చయించుకున్నాకే వారిని రమ్మనాలి.

వాస్తవం: “మానాలనే ఉంది, కానీ...” అని నోరు విప్పిన మనిషిని ఈ నమ్మకంతో వెనక్కి పంపితే, అతడు మళ్లీ ఆ మాట ఎత్తేలోగా ఏళ్లు గడిచిపోవచ్చు. పైగా ఇందుకు మార్పు దశల సిద్ధాంతాన్నే ఆధారంగా చూపడం ఏ విధంగానూ క్షమించదగినది కాదు. పొగ మానుతున్నవారిని పరిశీలించి అమెరికన్ మనస్తత్వవేత్తలు జేమ్స్ ప్రొచాస్కా, కార్లో డిక్లెమెంటే 1983లో వెలువరించిన అధ్యయనం నుంచి ఎదిగిన ఈ సిద్ధాంతం ప్రకారం, రాబోయే 6 నెలల్లో మానే ఉద్దేశం లేనివారు ఆలోచనకు ముందు దశలోనూ, ఆ గడువులో మానాలనుకునేవారు ఆలోచన దశలోనూ, 30 రోజుల్లో పూనుకోదలచినవారు సన్నద్ధత దశలోనూ ఉంటారు. మానేసిన తొలి 6 నెలలు ఆచరణ దశ, ఆ తరువాతిది నిలకడ దశ. ఎవరితో ఏ తీరుగా మాట్లాడాలో ఈ దశలు సూచిస్తాయే తప్ప, ఎవరిని గుమ్మం నుంచే పంపేయాలో చెప్పవు. మనసు ఈ మెట్లన్నీ వరుసగా ఎక్కి తీరాలన్న నియమమూ లేదు. ఇంగ్లండ్‌లో 2006లో ప్రచురితమైన ఒక సర్వేలో, పొగ మానే ప్రయత్నాల్లో దాదాపు సగం ముందస్తు ప్రణాళిక ఏదీ లేకుండా మొదలైనవేనని, అవి ప్రణాళికతో చేసినవాటికి తీసిపోలేదని తేలింది.

ఊగిసలాటలో ఉన్నవారి కోసమే రూపొందిన పద్ధతిని మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అంటారు. మారడానికి కారణాలను కౌన్సెలర్ బోధించకుండా, వాటిని ఆ వ్యక్తి నోటే పలికించే సంభాషణ ఇది. విలియం మిల్లర్ 1983లో దీన్ని ప్రతిపాదించగా, ఆయన, స్టీఫెన్ రోల్నిక్ కలిసి 1991లో గ్రంథంగా విస్తరించారు.

రోజుకు పన్నెండు సిగరెట్లు తాగే ఒక లారీ డ్రైవర్, “కూతురు వాసనని దూరం జరుగుతోంది మేడమ్, మానాలనే ఉంది, కానీ రాత్రి బండి తోలేటప్పుడు అది లేకపోతే నిద్ర ముంచుకొస్తుంది” అన్నాడనుకుందాం. “క్యాన్సర్ వస్తుందని తెలీదా?” అని కౌన్సెలర్ వాదనకు దిగితే, రెండు వైపులా లాగుతున్న మనసు సహజంగానే రెండో వైపు మాట్లాడుతుంది, “మా తాత ఎనభై ఏళ్లు చుట్ట తాగి బతికాడు” అంటూ అతడు మానకపోవడానికే కారణాలు వెతుకుతాడు, తన నోటితో తాను చెప్పినవాటినే మరింత గట్టిగా నమ్ముతాడు.

నేర్పరి అయిన కౌన్సెలర్ అతని మాటనే తిరిగి వినిపిస్తుంది: “రాత్రి డ్యూటీలో సిగరెట్ ఆసరాగా ఉంది, అయినా పాప దూరం జరగడం మీకు కష్టంగా ఉంది.” మార్పు వైపు మాట చివర రావడంతో సంభాషణ అటే సాగుతుంది. తరువాత, మానడం అతనికి ఎంత ముఖ్యమో 0 నుంచి 10 వరకు ఒక అంకెలో చెప్పమంటుంది. అతడు 6 అంటే, “2 ఎందుకు కాదు?” అని అడుగుతుంది, “10 ఎందుకు కాదు?” అంటే సాకులు వస్తాయి, “2 ఎందుకు కాదు?” అంటే కారణాలు వస్తాయి. అదే కొలతపై మానగలనన్న నమ్మకం 3 మాత్రమే అయితే, అది 5కు చేరాలంటే ఏం కావాలని అడుగుతుంది. రాత్రివేళలే అసలు చిక్కని అతడే తేల్చాక, అతని అనుమతి తీసుకుని నికోటిన్ గమ్ గురించి క్లుప్తంగా చెప్పి, “దీని గురించి మీరేమనుకుంటున్నారు?” అని నిర్ణయాన్ని అతనికే వదులుతుంది. “మానితే బాగుండు” అనే మాట “సోమవారం నుంచి ప్రయత్నిస్తాను”గా మారడమే సంభాషణ ఫలిస్తోందనడానికి గుర్తు; అతడు వాదిస్తున్నా, ముక్తసరిగా తలూపుతున్నా కౌన్సెలర్ తొందరపడిందని అర్థం.

అపోహ: ఉత్త మాటలతో సిగరెట్ మానరు.

వాస్తవం: ఇందులో కొంత నిజముందని ఒప్పుకోక తప్పదు. ఇతర కౌన్సెలింగ్ పద్ధతుల కంటే మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ ఎక్కువమంది చేత పొగ మాన్పిస్తుందని పరిశోధనలు ఇంకా స్పష్టంగా నిరూపించలేదు. నికోటిన్‌కు అలవాటుపడిన శరీరానికి చాలాసార్లు గమ్, ప్యాచ్ లేదా డాక్టర్ రాసే మందు కూడా అవసరమవుతుంది. అయితే వాటిని వాడేందుకు మనిషి ఒప్పుకోవడానికీ మాటే దారి తీయాలి.

అపోహ: ఒక్కసారిగా మానితే ప్రాణానికి ముప్పు.

వాస్తవం: చిరాకు, నిద్రలేమి వంటి ఇబ్బందులు తొలి వారంలో తీవ్రంగా ఉండి కొన్ని వారాల్లో తగ్గుతాయి, ప్రాణానికి ముప్పు తాగడం వల్లే.

అపోహ: మళ్లీ ముట్టించినవాడు ఇక మానడు.

వాస్తవం: శాశ్వతంగా మానినవారిలో ఎక్కువమంది అంతకుముందు పలుమార్లు తప్పినవారే.

కాబట్టి ఇంట్లోవారు “ఎప్పుడు మానతావు?” అని నిలదీయడానికి బదులు “మానితే నీకేం బాగుంటుంది?” అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా మధ్యలో కల్పించుకోకుండా వినాలి. ఇంకా తేల్చుకోనివారు నిర్ణయం కుదిరేదాకా ఆగకుండా, జాతీయ పొగాకు విరమణ సహాయకేంద్రం ఉచిత నంబరు 1800-11-2356కు ఫోన్ చేసి, తాము సందేహంలోనే ఉన్నామని చెప్పి సంభాషణ మొదలుపెట్టవచ్చు.