చెబుతారా, చెప్పుకుంటారా?

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని కుటుంబాలు శనివారాన్ని విశ్రాంతి దినంగా పాటిస్తాయి, హీబ్రూ నేర్చుకుంటాయి. తమను బెనె ఎఫ్రాయిమ్ అంటారు. విజ్ఞాన సర్వస్వం కోసం వీళ్ల గురించి 200 మాటల్లో రాయమంటే ఎలా రాయాలి?

ముందు ఆధారాలు లెక్కపెట్టుకోవాలి. పత్రికా కథనాలు చాలానే దొరుకుతాయి. కానీ పక్కపక్కన పెట్టి చదివితే ఒకే పెద్దల మాటలు, ఒకే వంశకథ వాటిలో తిరుగుతుంటాయి. అలాంటివి పది ఉన్నా ఒక్క సాక్ష్యం కిందే లెక్క. వీటికి భిన్నమైనది యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ గ్రామంలో పరిశోధించి 2013లో ప్రచురించిన పుస్తకం. అదీ పండితుల చూపు గనుక, సముదాయం తన గురించి రాసుకున్నది కూడా చదవాలి.

అసలు చిక్కు మూలాల దగ్గర వస్తుంది. ‘వీరు ఇజ్రాయెల్ పోగొట్టుకున్న పది గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము వంశీయులు’ అని రాస్తే, రుజువు కానిదాన్ని మనమే ధ్రువీకరించినట్టు. ‘వీరు యూదులమని చెప్పుకుంటారు’ అన్నామా, ఆ ఒక్క క్రియలోనే వెటకారం దూరుతుంది. ‘చెబుతారు’లో లేని అనుమానం ‘చెప్పుకుంటారు’లో ఉంది. అందుకని రెండు వాక్యాలు కావాలి: ‘తాము ఎఫ్రాయిము గోత్రం వారమని వీరు విశ్వసిస్తారు. ఈ వంశక్రమాన్ని ధ్రువీకరించే స్వతంత్ర చారిత్రక ఆధారం లేదు.’ మొదటిది వాళ్ల మాట, రెండోది చరిత్రకారుల మాట. ఏది ఎవరిదో పాఠకుడికి తెలుస్తుంది.

ఇక మాటల పంపకం. ఎవరు, ఎక్కడ అన్నదానికి 30. మాదిగ కుటుంబాలు, అందులోనూ క్రైస్తవంలో ఉన్నవి, 1980ల చివర యూదులుగా ప్రకటించుకున్న క్రమానికి 60. ఆచారాలకు 50. వంశకథ, దానిపై సందేహం, కుల వివక్షను ఎదిరించే ఆత్మగౌరవంతో దీనికున్న ముడి, మూడూ కలిపి 60. ఈ మూడోదాన్ని వదిలేస్తే సముదాయం వింత వార్తగా మిగులుతుంది. అదొక్కటే రాస్తే వాళ్ల ప్రార్థనకు విలువ లేకుండా పోతుంది.

చోటు చాలనప్పుడు ముందుగా కోత పడేది సందేహ వాక్యానికే. అది తప్పు. కోయాల్సింది ‘ప్రాచీన’, ‘విచిత్ర’ వంటి విశేషణాలను. జనాభా కూడా ఒక్కో కథనంలో ఒక్కోలా ఉంటుంది గనుక, అంకె వేస్తే ఎవరు, ఏ ఏడాది చెప్పారో పక్కనే రాయాలి. అందుకు చోటు లేకపోతే ‘కొన్ని కుటుంబాలు’ అంటే చాలు.

పూర్తయ్యాక గ్రామంలో ఒకరికి, చరిత్ర చదివిన మరొకరికి చూపిస్తే మంచిది. ఇద్దరూ ఒకే వాక్యం దగ్గర ఆగి, ‘ఇది మా మాటే, కానీ ఇంకొంచెం గట్టిగా రాయాల్సింది’ అని చెరోవైపు లాగితే, బహుశా ఆ వాక్యం సరిగ్గానే కుదిరింది.