అవ్వ చెప్పిన కథ, అవ్వ మాటల్లోనే

కుటుంబ పుస్తకం కోసం పెద్దల జీవితకథను సిద్ధం చేయడంలో రెండు పనులున్నాయి. ఒకటి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకోవడం. రెండోది, అలా రాసుకున్నదాన్ని పుస్తకంలో చదవదగ్గట్టు దిద్దడం. మొదటి పనిలో తప్పు జరిగితే రికార్డింగు మళ్లీ వింటే దొరికిపోతుంది. రెండో పనిలో జరిగే తప్పు అంత తేలిగ్గా దొరకదు. దిద్దిన వాక్యం పైకి చక్కగానే ఉంటుంది. కానీ ఆ మాట అవ్వదా, దిద్దిన మనవడిదా అన్నది పుస్తకం అచ్చయ్యాక ఇంట్లో వాళ్లు చదివితే గాని బయటపడదు.

అందుకే మొదటి ప్రతిలో దిద్దుబాటు అసలు ఉండకూడదు. తడబాట్లు, మళ్లీ మళ్లీ వచ్చే మాటలు, మధ్యలో ఆగిపోయిన వాక్యాలు, దగ్గు, నవ్వు, 'ఏందంటే', 'ఇగ' వంటివన్నీ అందులోకి రావాలి. ఒక గంట రికార్డింగును ఇలా ఎక్కించడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. పక్కన మార్జినులో ఏ రికార్డింగు, ఎన్నో నిమిషం అని వేసుకుంటే తర్వాత ఏ వాక్యం మీద అనుమానం వచ్చినా వెంటనే విని చూసుకోవచ్చు. ఈ ప్రతిని ముట్టుకోకుండా దాచి, దిద్దేది దాని నకలులోనే దిద్దాలి.

ఒక నమూనా చూస్తే విషయం తేలుతుంది. 1948 నాటికి పదేళ్ల పిల్లగా ఉన్న ఒక తెలంగాణ పల్లె అవ్వ, ఊరు విడిచిన రాత్రి గురించి చెబుతోందనుకుందాం. మొదటి ప్రతి ఇలా ఉంటుంది:

"అప్పుడు ఏందంటే, మా నాయిన... మా నాయిన ఎడ్లబండి కట్టిండు. రాత్రి. అందరం... అమ్మ లేదు, అమ్మ అప్పటికే మా అమ్మమ్మోళ్ల ఇంటికి పోయింది, తమ్ముడు పుట్టేటోడుండె. నేను, మా అక్క, ఇంక మా పెద్దమ్మ, బండి ఎక్కినం. మా నాయిన ఏమన్నడంటే, దీపం ఆర్పకుర్రి, ఇంట్ల మనుషులున్నరనుకోవాలె అన్నడు. ఆర్పలే. దీపం ఆర్పలే. గట్లనే ఇడిసిపెట్టి పోయినం. అంటే, చూసెటోళ్లకు మనుషులున్నట్టు గావాలె గద. నెల రోజులు రాలే ఇగ."

చదువుకున్న మనవడు దీన్ని 'పుస్తక భాష'లోకి మార్చితే సాధారణంగా ఇలా తయారవుతుంది: "రజాకార్ల దాడుల భయంతో మా తండ్రిగారు మమ్మల్ని రాత్రివేళ ఎడ్లబండిలో సురక్షిత ప్రాంతానికి తరలించారు. ఇంట్లో మనుషులున్నట్లు భ్రమ కలిగించేందుకు దీపాన్ని వెలిగించి ఉంచారు. నెల రోజుల అనంతరం తిరిగి వచ్చాము."

వాక్యాల్లో వ్యాకరణ దోషం లేదు, జరిగిన సంగతి కూడా చాలావరకు ఉంది. పోయినవాటిని ఒక్కొక్కటే చూడాలి. తల్లి నిండు నెలలతో పుట్టింటికి పోయి ఉండడం పోయింది. నాయిన నోటి మాట పోయి, దాని స్థానంలో 'భ్రమ కలిగించేందుకు' అనే వివరణ వచ్చింది. నాయిన 'తండ్రిగారు' అయ్యాడు. తెలంగాణలోనూ, చాలా కోస్తా ఇళ్లలోనూ తండ్రిని 'అన్నడు', 'వచ్చాడు' అనడం చనువు, అందులో అమర్యాద ఏమీ లేదు. దాన్ని గౌరవ వాచకంలోకి మార్చితే ఆ ఇంటి బంధుత్వం తీరే మారిపోతుంది. అన్నిటికన్నా పెద్ద తప్పు మొదటి మాటలోనే ఉంది. అవ్వ రజాకార్లు అనలేదు. ఎవరికి భయపడి పోయారో ఆమె చెప్పనే లేదు. అది రజాకార్లే కావచ్చు, అదే ఏడు వచ్చిన సైన్యం కావచ్చు, ఊరి గొడవే కావచ్చు. దిద్దిన మనిషి తనకు తెలిసిన చరిత్రను ఆమె నోట పెట్టాడు.

సరైన దిద్దుబాటు దీనికంటే చాలా తక్కువ పని చేస్తుంది: "మా నాయిన రాత్రి ఎడ్లబండి కట్టిండు. అమ్మ అప్పటికే మా అమ్మమ్మోళ్ల ఇంటికి పోయింది, తమ్ముడు పుట్టేటోడుండె. నేను, మా అక్క, మా పెద్దమ్మ బండి ఎక్కినం. 'దీపం ఆర్పకుర్రి, ఇంట్ల మనుషులున్నరనుకోవాలె' అన్నడు మా నాయిన. ఆర్పలే. గట్లనే ఇడిసిపెట్టి పోయినం. నెల రోజులు రాలే ఇగ."

ఇక్కడ ముఖ్యంగా తీసేసినవి తడబాటు, 'ఏందంటే', అప్పటికే చెప్పినదాన్ని మళ్లీ వివరించిన ఒక వాక్యం. 'రాత్రి', 'మా నాయిన' అనే మాటలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరిగాయి. కొత్తగా చేరింది ఉటంకింపు గుర్తులు మాత్రమే. 'ఆర్పలే' అన్న ఒంటి మాట రెండుసార్లు వచ్చింది కాబట్టి ఒకటి పోవచ్చు. రెండూ పోతే అవ్వ కథ చెప్పే ఊపే పోతుంది.

తెలుగులో మనిషి గొంతు ముఖ్యంగా క్రియ చివరలో వినిపిస్తుంది. పోయినం, పోయినాము, పోయాం, ఎళ్లాం: ఈ నాలుగింటిలో ఏది వచ్చినా తెలిసిన పాఠకుడు ప్రాంతాన్ని పోల్చుకుంటాడు. కాబట్టి క్రియారూపాలనూ, చుట్టరికపు పిలుపులనూ, వంట, సేద్యం, పండుగలకు ఆ ఇంట్లో వాడే పేర్లనూ మార్చకూడదు. ఉచ్చారణ సంగతి వేరు. ఒకే మనిషి ఒకసారి 'వచ్చిండు' అని, ఇంకోసారి 'ఒచ్చిండు' అంటుంది. ప్రతి శబ్దాన్నీ పట్టి రాస్తే పుట చదవడం కష్టమవుతుంది. ఇలాంటివాటికి ఒక చిన్న పట్టిక రాసుకుని, ఆమె ఎక్కువగా పలికే రూపాన్ని ఎంచుకుని పుస్తకమంతా అదే వాడాలి. అవ్వ అనని చోట 'గట్ల', 'గిట్ల' చేర్చి యాసను చిక్కబరచడం కూడా అబద్ధమే. గుడి గురించో, కచ్చేరీలో దొర అన్న మాట గురించో చెప్పేటప్పుడు చాలామంది పెద్దలు కొంచెం బరువైన భాషలోకి మారతారు. ఆ మార్పు కూడా వాళ్ల గొంతే. ముప్పై ఏళ్లు పంతులుగా పనిచేసిన తాతగారు సహజంగానే గ్రాంథికం కలిపి మాట్లాడితే, ఆయన చేత పల్లె యాస పలికించకూడదు.

ఈ పద్ధతికి తెలుగులో మంచి ఉదాహరణ ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను కలిసి, వాళ్లు చెప్పిన జీవిత కథలతో స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' ప్రచురించింది. కుటుంబ పుస్తకం మొదలుపెట్టేవాళ్లు అందులో రెండు కథలైనా చదివితే మేలు.

దిద్దేవాళ్లు ఎక్కువగా జారిపడేది ప్రశ్నల దగ్గర. పుస్తకంలో ప్రశ్నలు తీసేసి జవాబులను కలిపి కథగా అల్లడం మామూలే. కానీ మనవరాలు "భయమేసిందా అవ్వా?" అని అడిగితే "ఎయ్యదా మరి!" అని అవ్వ అన్నదనుకుందాం. ప్రశ్న తీసేసి "నాకు చాలా భయమేసింది" అని రాస్తే ఆ వాక్యం మనవరాలిది అవుతుంది, అవ్వది కాదు. జవాబు ప్రశ్న మీద ఆనుకుని ఉన్నచోట ప్రశ్నను వాలు అక్షరాల్లో అలాగే ఉంచాలి. పుస్తకంలో అక్కడక్కడా ఇలాంటి ప్రశ్నలు కనిపించడం లోపం కాదు.

వరుస విషయంలో మరింత స్వేచ్ఛ ఉంది. పెద్దలు ఏళ్ల లెక్కన చెప్పరు. బావి తవ్వించిన సంగతి నుంచి చెల్లెలి పెళ్లికి, అక్కడి నుంచి కరువుకు పోతారు. ఘట్టాలను ముందువెనకలు చేసి అధ్యాయాలుగా పేర్చవచ్చు. ఒక ఘట్టం లోపలి వరుసను మాత్రం కదపకూడదు. ఒకే సంగతిని మూడుసార్లు చెప్పి ఉంటే నిండుగా చెప్పినదాన్ని ఆధారంగా తీసుకోవాలి. మిగతా రెండింటిలో కొత్త వివరం ఉంటే ఆమె మాటల్లోనే చేర్చి, అది ఎక్కడిదో పని ప్రతిలో గుర్తు వేసుకోవాలి. మూడు కథనాలు ఒకదానితో ఒకటి పొసగకపోతే కలపకూడదు. ఒకటి అచ్చువేసి, రెండోసారి వేరుగా చెప్పిన సంగతి అడుగున తెలపాలి.

తేదీలు, లెక్కలు సరిచూడాల్సిందే, కానీ సవరణ కథలోకి రాకూడదు. "పోలీసు చర్య అయిన ఏడు నాకు ఆరేండ్లు" అని అవ్వ అంటే ఆ వాక్యం అలాగే ఉంటుంది. పోలీసు చర్య 1948 సెప్టెంబరు 13న మొదలై 17న ముగిసింది, ఆధార్ కార్డు ప్రకారం అప్పటికి ఆమెకు పదేళ్లు అని పుట అడుగున సంపాదకుడి మాటగా రాయాలి. ఆధార్ కార్డులో వేసిన పుట్టిన తేదీ కూడా చాలామంది పెద్దల విషయంలో అంచనాదే కాబట్టి రెండూ పక్కపక్కన ఉండడమే న్యాయం. 'సర్వధారి' వంటి తెలుగు సంవత్సరాల పేర్లు సాయపడతాయి. 1948 ఉగాది నుంచి మరుసటి ఉగాది దాకా సర్వధారి. పాత పట్టా కాగితాల్లో ఫసలీ సంవత్సరం ఉంటే 590 కలపాలి: 1357 ఫసలీ అంటే 1947–48. డబ్బు కూడా అంతే. నిజాం రాజ్యంలో నడిచింది హాలీ సిక్కా. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్ రూపాయలతో సమానం. అవ్వ "మూడు హాలీ రూపాయలు" అంటే దాన్ని నేటి రూపాయల్లోకి మార్చకుండా, హాలీ అంటే ఏమిటో అడుగున ఒక వాక్యంలో చెబితే చాలు. విదేశాల్లో పెరిగిన మనవళ్లకు తెలియని మాటలకు పుస్తకం చివర అర్థాల పట్టిక ఇవ్వవచ్చు. లోపల మాట మార్చడం ఎందుకు?

దిద్దిన ప్రతిని అవ్వకు చదవమని ఇస్తే సరిపోదు. చూపు సరిగా ఆనకపోవచ్చు, చదువు రాకపోవచ్చు. పైగా అచ్చులో కనిపించేదంతా సరైనదేనని ఒప్పుకునే అలవాటు పెద్దలకుంది. ఒక్కో అధ్యాయాన్ని ఆమె ముందు పైకి చదవాలి. "నేను గట్లనలే" అని ఆపినచోట మార్చాలి. ఆమె ఏమీ అనకుండా తానే ముందుకు కథ అందుకున్నచోట దిద్దుబాటు కుదిరినట్టే. ఒక్కోసారి "పుస్తకంల ఇట్ల రాస్తరా, మంచిగ రాయి" అని అవ్వే అడుగుతుంది. అప్పుడు అదే భాగాన్ని రెండు విధాలుగా చదివి వినిపించి, ఏది తన మాటలా ఉందో ఆమెనే చెప్పమనాలి. ఆమె పుస్తక భాషనే కోరితే ఆ కోరిక చెల్లాలి, ఎందుకంటే కథ ఆమెది. బతికున్నవాళ్ల మీద అన్న మాటలు, ఆస్తి తగాదాలు, కోడళ్ల మీద ఫిర్యాదులు ఉంచాలా వద్దా అన్నది కూడా ఈ చదివే వేళే ఆమెతో తేల్చుకోవాలి. ఏదైనా తీసేస్తే అక్కడ మూడు చుక్కలు పెట్టాలి. కోతను దాచడానికి వంతెన వాక్యం రాయకూడదు.

ముందుమాటలో ఎవరు చెప్పారు, ఎవరు ఎప్పుడు రికార్డు చేశారు, ఎవరు దిద్దారు, ఏ రకమైన మార్పులు చేశారు అన్నది అర పుటలో స్పష్టంగా ఉండాలి. రికార్డింగులనూ మొదటి ప్రతినీ కనీసం ఇద్దరు బంధువుల ఇళ్లలో వేరువేరుగా భద్రపరచాలి.