పన్నెండు లక్షల ఆఫర్‌కు జవాబు

హైదరాబాద్‌లో నాలుగేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్న అమ్మాయికి కొత్త కంపెనీ నుంచి ఆఫర్ లెటర్ వచ్చిందనుకుందాం. సీటీసీ ఏడాదికి 12 లక్షలు. ఇంట్లో అందరూ నెలకు లక్ష అని లెక్క వేసేశారు. ఆ లెక్క తప్పు. జీతం పెంచమని ఈమెయిల్ రాసే ముందు లెటర్ వెనక ఉన్న పట్టిక తిప్పి చూడాలి.

అందులో వేరియబుల్ పే 1,20,000. కంపెనీ తరఫున కట్టే పీఎఫ్ 57,600. గ్రాట్యుటీ కింద చూపించినది 23,088, బీమా ప్రీమియం 15,312. ఇవన్నీ తీసేస్తే మిగిలే ఫిక్స్‌డ్ జీతం 9,84,000, అంటే నెలకు 82,000. తన వాటా పీఎఫ్ 4,800, వృత్తి పన్ను 200 పోగా చేతికొచ్చేది 77,000. వేరియబుల్ పూర్తిగా వస్తుందన్న హామీ లేదు. గ్రాట్యుటీ అందాలంటే సాధారణంగా అయిదేళ్లు పనిచేయాలి. అందుకే బేరం సీటీసీ మీద కాకుండా నెలవారీ ఫిక్స్‌డ్ మీద చేయాలి.

తర్వాత కారణాలు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇంటి లోను ఉంది, చెల్లి పెళ్లి ఉంది, అద్దెలు పెరిగాయి అని రాస్తారు. అవి నిజమైన కష్టాలే. కానీ హెచ్‌ఆర్ మేనేజర్ ఆ మాటలతో ఫైనాన్స్ వాళ్ల దగ్గర అనుమతి తీసుకోలేరు. పై వాళ్లకు పంపే నోట్‌లో ఆవిడ ఏం రాయగలరో ఆలోచించి, ఆ వాక్యాలే మనం అందించాలి. ఇలాంటి మెయిళ్లు ఇంగ్లిషులోనే నడుస్తాయి గానీ, విషయం ఇలా ఉండాలి:

"నమస్కారం మేడమ్. ఆఫర్ లెటర్ అందింది, ధన్యవాదాలు. టీమ్‌తో మాట్లాడాక ఈ ఉద్యోగంలో చేరాలన్న ఆసక్తి మరింత పెరిగింది. జీతం గురించి ఒక్క మనవి. ఇప్పుడు నాకు నెలకు 68,000 చేతికి వస్తోంది, అందులో వేరియబుల్ లేదు. మీ ఆఫర్‌లో అది 77,000 అవుతోంది. ఏప్రిల్‌లో ఇక్కడ రావలసిన ఇంక్రిమెంట్ వదులుకుని వస్తున్నాను. మీ దగ్గర ఆటోమేషన్ బాధ్యత మొత్తం నాదేనని ఇంటర్వ్యూలో చెప్పారు. ప్రస్తుత ప్రాజెక్టులో రెండు రోజులు పట్టే రిగ్రెషన్ టెస్టింగ్‌ను నేను రాసిన స్క్రిప్టులతో అయిదు గంటలకు తగ్గించాను. ఇవన్నీ చూసి, నెలవారీ ఫిక్స్‌డ్‌ను 82,000 నుంచి 90,000 చేసే వీలుందేమో దయచేసి పరిశీలించగలరు. అది కుదిరితే అదే రోజు అంగీకారం పంపుతాను. ఫోన్‌లో మాట్లాడాలన్నా సిద్ధంగా ఉన్నాను."

ఇందులో బతిమాలడం లేదు, బెదిరింపు లేదు. అడిగింది ఒకే అంకె. "ఇంకొంచెం పెంచండి" అని రాస్తే రెండు వేలు పెంచి చేతులు దులుపుకుంటారు. నా దృష్టిలో మొత్తం మెయిల్‌లో బలమైన వాక్యం "అదే రోజు అంగీకారం పంపుతాను" అన్నది. పెంచాక కూడా అభ్యర్థి రాకపోతే ఎలా అన్న భయం అవతలి వాళ్లకు ఎప్పుడూ ఉంటుంది. ఆ మాట ఆ భయాన్ని తీరుస్తుంది. అయితే మాట ఇస్తే నిలబెట్టుకోవాలి.

చాలాసార్లు వచ్చే జవాబు, "మా బ్యాండ్‌లో 12 లక్షలే పరిమితి" అని. అది నిజమే కావచ్చు. అప్పుడు పట్టికను మళ్లీ చూడాలి. నెలకు 8,000 అంటే ఏడాదికి 96,000. వేరియబుల్‌లో ఉన్న 1,20,000లోంచి ఆ 96,000 తీసి స్పెషల్ అలవెన్స్‌లో కలపమని అడగవచ్చు. సీటీసీ ఒక్క రూపాయి పెరగదు, నెలవారీ ఫిక్స్‌డ్ మాత్రం 90,000 అవుతుంది. ఇది మెయిల్‌లో ముందే రాయకుండా ఫోన్ మాట్లాడేటప్పటికి దాచుకోవడం మంచిది. దానికీ ఒప్పుకోకపోతే జాయినింగ్ బోనస్ అడగవచ్చు. కానీ ఏడాది లోపు మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు దానికి తరచుగా ఉంటుంది, చదివి సంతకం పెట్టాలి.

చేతిలో లేని ఆఫర్ ఉందని మాత్రం రాయవద్దు. ఆ లెటర్ చూపించమంటారు. పాత జీతం పెంచి చెప్పినా పే స్లిప్పుల దగ్గర, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో బయటపడుతుంది, వచ్చిన ఉద్యోగమే పోవచ్చు. క్యాంపస్‌లో వందలమందికి ఒకే జీతంతో ఇచ్చే ఆఫర్లలో ఈ మెయిల్‌కు ఫలితం దాదాపు ఉండదు.

ఫోన్‌లో "సరే, 90 చేస్తాం" అన్నారని ఆ సాయంత్రమే రాజీనామా పెట్టకండి. మారిన పట్టికతో కొత్త ఆఫర్ లెటర్ చేతికి వచ్చాక, ఫిక్స్‌డ్ దగ్గర 10,80,000 అని ఉందో లేదో చూసుకుని, అప్పుడు పెట్టండి.