బొమ్మ చుట్టూ ఆ తెల్ల గీత ఎందుకు?

ముదురు నీలం స్లైడు మీద కొండపల్లి బొమ్మ ఒకటి ఉంది. బొమ్మ బాగుంది, రంగులూ బాగున్నాయి. కానీ చుట్టూ దారమంత సన్నగా ఒక తెల్ల గీత. ల్యాప్‌టాప్‌లో చూసినప్పుడు అంతగా తెలియదు. ప్రొజెక్టర్ వేసి పెద్ద తెర మీద చూపిస్తే వెనక వరుసలో కూర్చున్నవాళ్లకి కూడా కనిపిస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ తీసేశాక కూడా ఆ గీత ఎందుకు మిగిలిందో తెలిస్తే, ఏ ఫొటోని పీఎన్‌జీగా సేవ్ చేయాలి, దేన్ని జేపెగ్‌గానే ఉంచాలి అన్న ప్రశ్నకు జవాబు కూడా అందులోనే దొరుకుతుంది.

ఫొటో అంటే చిన్న చిన్న చదరాల వరుసలు. ఒక్కో చదరానికి, అంటే పిక్సెల్‌కి, ఒకే రంగు ఉంటుంది. బొమ్మ అంచు మాత్రం ఆ చదరాల గీతలను చూసుకుని వంపు తిరగదు కదా. కాబట్టి అంచు మీది పిక్సెల్‌లో సగం బొమ్మ, సగం వెనకున్న గోడ పడతాయి. కెమెరా ఆ రెండింటినీ కలిపి ఒక రంగుగా రాసుకుంటుంది. ఎర్రటి బొమ్మను తెల్ల గోడ ముందు పెట్టి తీస్తే అంచు పిక్సెల్ గులాబీ రంగుకు తిరుగుతుంది. తెల్ల స్లైడు మీద ఆ గులాబీ కలిసిపోతుంది, ముదురు నీలం మీద వెలిగిపోతుంది. మనం చూసిన గీత అదే. గోడను తీసేశాం కానీ, అంచులో కలిసిపోయిన గోడ రంగును తీయలేదు.

ఈ అంచును సరిగ్గా దాచుకోగలగడమే పీఎన్‌జీ గొప్ప. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలతో పాటు పిక్సెల్ ఎంత పారదర్శకంగా ఉండాలో చెప్పే నాలుగో విలువ కూడా అందులో ఉంటుంది. దాన్ని ఆల్ఫా అంటారు. మామూలుగా అది 0 నుంచి 255 వరకు ఉంటుంది. 0 అయితే పిక్సెల్ కనిపించదు, 255 అయితే పూర్తిగా కనిపిస్తుంది. 128 దగ్గర ఉంటే సగం కనిపిస్తూ, వెనక స్లైడు ఏ రంగులో ఉంటే ఆ రంగును సగం చూపిస్తుంది. అంచు మెత్తగా, సహజంగా కనిపించేది ఆ మధ్య విలువల వల్లే. జేపెగ్‌లో ఈ నాలుగో విలువకు చోటే లేదు. బ్యాక్‌గ్రౌండ్ తీసిన బొమ్మను జేపెగ్‌గా సేవ్ చేస్తే ఖాళీ భాగం తెలుపుతోనో నలుపుతోనో నిండిపోతుంది. ఫైలు పేరు చివర `.jpg` కొట్టేసి `.png` అని రాసినంత మాత్రాన ఆల్ఫా రాదు.

జేపెగ్‌తో ఇంకో ఇబ్బంది కూడా అంచు దగ్గరే. అది బొమ్మను 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి, కంటికి పెద్దగా ఆనని వివరాలను వదిలేస్తుంది. ఆకాశానికీ మొహానికీ ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. పదునైన అంచు ఉన్న గడిలో మాత్రం చుట్టూ మసక మచ్చలు పడతాయి. ఫార్వర్డ్ అయ్యీ అయ్యీ వచ్చిన ఫొటోను పెద్దది చేసి చూస్తే తెల్ల గోడ అసలు తెల్లగానే ఉండదు. అందుకే పవర్‌పాయింట్‌లో `Set Transparent Color` నొక్కి తెలుపును ఎంచుకుంటే బొమ్మ చుట్టూ చుక్కలు మిగిలిపోతాయి. ఆ పనిముట్టు ఎంచుకున్న రంగు ఒక్కదాన్నే తీస్తుంది, మచ్చలన్నీ వేరే రంగులే. పైగా సగం పారదర్శకం అన్నది దానికి తెలియదు, ఉంచడమో తీయడమో రెండే. ఒకే రంగు నేపథ్యం ఉన్న లోగోకి తప్ప దాని మీద ఆధారపడకూడదని నా అభిప్రాయం.

అసలు పని ఫొటో తీసేటప్పుడే మొదలవుతుంది. పొణికి చెక్కతో చేసిన కొండపల్లి బొమ్మల్లో తాటిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడి బొమ్మను తీసుకుందాం. స్లైడు ముదురు నీలం అని ముందే తెలుసు కాబట్టి వెనక తెల్ల గుడ్డ కాకుండా ముదురు బూడిదరంగు గుడ్డ కట్టాలి. అంచులో కాస్త బూడిదరంగు మిగిలినా నీలం మీద ఎవరికీ కనిపించదు. ఏ రంగు స్లైడు మీదకు వెళ్తుందో తెలియకపోతే మధ్యస్థ బూడిదరంగు మేలు. పచ్చ గుడ్డ వద్దు. ఆకుల పచ్చతో కలిసిపోతుంది, వెలుగు పడితే ఆ పచ్చదనం బొమ్మ మీద కూడా ప్రతిఫలిస్తుంది. గుడ్డకీ బొమ్మకీ మధ్య రెండు మూడు అడుగుల దూరం ఉంటే నీడ గుడ్డ మీద పడదు.

ఫోన్ ఇచ్చిన 3000×4000 ఫొటోను ఉచితంగా దొరికే గింప్‌లో తెరవండి. ముందు `Layer > Transparency > Add Alpha Channel` నొక్కాలి. ఇది మరిచిపోతే తుడిచిన చోట పారదర్శకం రాదు, ఏదో ఒక రంగు నిండుతుంది. తర్వాత `Fuzzy Select`తో గుడ్డ మీద నొక్కితే బొమ్మ చుట్టూ ఉన్న గుడ్డంతా ఎంపికవుతుంది. కానీ తాటాకుల మధ్య సందుల్లోంచి కనిపించే గుడ్డ ముక్కలు మాత్రం అందులోకి రావు, ఎందుకంటే అవి బయటి గుడ్డకు ఆనుకుని లేవు. `Shift` నొక్కిపట్టుకుని ఒక్కో సందునూ విడిగా చేర్చాలి. ఎక్కువమంది వదిలేసేది ఇక్కడే. చుట్టూ చక్కగా కత్తిరించి, ఆకుల మధ్య బూడిదరంగు ముక్కల్ని ఉంచేస్తారు.

ఇప్పుడు `Select > Grow`లో 2 పిక్సెల్స్ ఇస్తే ఎంపిక బొమ్మలోకి కొంచెం చొచ్చుకొస్తుంది. గుడ్డ రంగు కలిసిన అంచు పిక్సెల్స్ కూడా దాంతో పోతాయి. `Select > Feather`లో మరో 2 ఇచ్చి `Delete` నొక్కితే అంచు మెత్తబడుతుంది. ఆకుల కొనల దగ్గర మాత్రం జాగ్రత్త. అసలే సన్నటివి, రెండు వైపులా రెండేసి పిక్సెల్స్ పోతే విరిగినట్టు కనిపిస్తాయి. అక్కడ మాత్రం `Grow` తగ్గించుకోవాలి, లేదా లేయర్ మాస్క్ మీద సన్నటి బ్రష్‌తో చేత్తో దిద్దుకోవాలి.

ఆ తర్వాతే సైజు తగ్గించాలి. 1920×1080 స్లైడులో ముప్పావు ఎత్తుకు బొమ్మ నిలబడితే దానికి కావాల్సింది సుమారు 810 పిక్సెల్స్. రెట్టింపు ఉంచుకుందామన్నా 1600 ఎత్తు చాలు. కత్తిరించాక తగ్గించడంలో ఒక లాభం ఉంది. పక్కపక్క పిక్సెల్స్ కలిసిపోతూ అంచులోని చిన్న చిన్న గతుకులు కూడా సర్దుకుంటాయి. చుట్టూ మిగిలిన ఖాళీని క్రాప్ చేసి, `File > Export As`లో `.png`గా దాచండి. స్లైడులో పెట్టాక నేపథ్యాన్ని ఒకసారి నలుపు, ఒకసారి తెలుపు చేసి, 400 శాతానికి జూమ్ చేసి చూడండి. నలుపు మీద తెల్ల గీత లేకుండా, తెలుపు మీద నల్ల గీత లేకుండా ఉంటే బొమ్మ ఏ స్లైడుకైనా సిద్ధం.

అలాగని డెక్‌లోని ఫొటోలన్నీ పీఎన్‌జీలు చేయకండి. కొండపల్లి కోట ఫొటో స్లైడంతా పరుచుకుంటుందంటే దానికి తీయాల్సిన అంచే లేదు, కాబట్టి జేపెగ్ చాలు. పీఎన్‌జీ ఏ పిక్సెల్‌నీ వదలకుండా దాచుతుంది కాబట్టి అలాంటి ఫొటో జేపెగ్‌ కన్నా ఎన్నో రెట్లు బరువెక్కుతుంది, తేడా మాత్రం తెర మీద కనబడదు. ఇలాంటివి ఇరవై చేరితే డెక్ మెయిల్‌లో కూడా వెళ్లదు. లోగోలు, గ్రాఫులు, అక్షరాలున్న స్క్రీన్‌షాట్‌లు ఇందుకు విరుద్ధం. వాటిలో ఒకే రంగు పెద్ద పెద్ద చోట్ల పరుచుకుని ఉంటుంది కాబట్టి పీఎన్‌జీలో చాలాసార్లు చిన్నగానూ, అక్షరాల చుట్టూ మచ్చలు లేకుండానూ ఉంటాయి.

నెట్‌లో దొరికే వాటిని వాడేముందు ఒకసారి స్లైడులో పెట్టి చూసుకోండి. బూడిద, తెలుపు గళ్లు ఉంటే పారదర్శకమని అనుకుంటాం. కొన్నిట్లో ఆ గళ్లు బొమ్మలోనే గీసి ఉంటాయి, స్లైడు మీదకు అవి కూడా వస్తాయి. సిద్ధం చేసిన పీఎన్‌జీని వాట్సాప్‌లో ఇంకొకరికి పంపాల్సి వస్తే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోగా పంపితే అది జేపెగ్‌గా మారిపోతుంది, కష్టపడి తీసిన బ్యాక్‌గ్రౌండ్ చోట అవతలివాళ్లకి మళ్లీ ఒక రంగు పెట్టె కనిపిస్తుంది.