ఎథిలీన్ ఇచ్చినా బత్తాయి ఎందుకు మాగదు?

కోతానంతర సాంకేతిక శాస్త్ర పరీక్షలో విద్యార్థులు తరచు తడబడే ప్రశ్న ఒకటుంది. ఎథిలీన్ సోకిన బత్తాయి పసుపురంగుకు తిరుగుతుంది కదా, దానిని క్లైమాక్టెరిక్ ఫలమని ఎందుకు అనకూడదు?

సమాధానం పిండిపదార్థంలో ఉంది. ముదిరిన బంగినపల్లి కాయలో కోసేనాటికే పిండి నిల్వ ఉంటుంది. ఎథిలీన్ తగలగానే శ్వాసక్రియ ఉద్ధృతమై, కాయ స్వయంగా మరింత ఎథిలీన్‌ను ఉత్పత్తి చేసుకొంటుంది. పిండి చక్కెరగా మారి, గుజ్జు మెత్తబడుతుంది. బత్తాయిలో అటువంటి నిల్వ లేదు. బయటినుండి అందించిన ఎథిలీన్ దాని తొక్కలోని పత్రహరితాన్ని విచ్ఛిన్నం చేస్తుందే తప్ప రసానికి తీపినివ్వదు. అది రంగు తేర్చడమే, మాగబెట్టడం కాదు.

మామిడిని మాగబెట్టే గదిలో సుమారు 20 డిగ్రీల సెల్సియస్ వద్ద 100 పీపీఎం ఎథిలీన్‌ను 24 గంటలు ఉంచుతారు. గదిలో ఖాళీ పరిమాణం 50 ఘనపు మీటర్లు, అనగా 50,000 లీటర్లు అయితే, కావలసిన వాయువు 5 లీటర్లే. కాయలు, పెట్టెలు ఆక్రమించిన చోటును మినహాయించకుండా లెక్కకట్టడం జవాబు పత్రాలలో కనిపించే సాధారణ దోషం. కాయలు విడిచే కార్బన్ డయాక్సైడ్ 1 శాతం దాటితే ఎథిలీన్ ప్రభావం మందగిస్తుంది కాబట్టి, మధ్యమధ్య గాలి మార్చి వాయువును మళ్లీ నింపాలి.

అయినా లేతకాయను ఏ గదీ తీపి చేయలేదు. తొక్క పసుపెక్కినా ముడతలు పడుతుంది, గుజ్జు పుల్లగానే మిగులుతుంది. అందుకే గదికి పంపేముందు కాయలను నీటిలో వేసి చూస్తారు: ముదిరినవి మునుగుతాయి, తేలినవాటిని వేరుచేస్తారు.